16 కోర్లు అడిగిన చోట 96 జీబీ మెమరీ: ఒక డెవలపర్ మెషిన్ కేస్ స్టడీ

"అన్నా, 16 కోర్ల ప్రాసెసర్ ఒకటి చూసి పెట్టుకున్నాను. అది వేస్తే బిల్డ్‌లు పరిగెడతాయి కదా?" అంటూ మా టీమ్‌లో కుర్రాడు ఒక జాబితా పట్టుకొచ్చాడు. అందులో 16 కోర్ల ప్రాసెసర్, 32 జీబీ ర్యామ్, సెకనుకు 14 జీబీ చదువుతుందని డబ్బా మీద రాసి ఉండే జెన్5 ఎస్‌ఎస్‌డీ ఉన్నాయి. బడ్జెట్ మాత్రం అంతే, ఇంక పెరగదు. ఒక చోట పెంచాలంటే ఇంకో చోట కొయ్యాల్సిందే.

టీమ్‌లో ఎవరికి కొత్త మెషిన్ కావాలన్నా పార్ట్‌లు ఎంచి బిగించేది నేనే. ఇలాంటి జాబితా వచ్చినప్పుడు ముందు నేను అడిగేది ఒక్కటే: ఇప్పుడున్న మెషిన్ ఎక్కడ ఆగుతోంది? చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. స్లోగా ఉంది అంటారు, అంతే. అందుకని కొనే ముందు రెండు రోజులు అతని పాత మెషిన్ మీదే కూర్చున్నాను.

పాతది 8 కోర్లు, 16 థ్రెడ్‌లు, 32 జీబీ డీడీఆర్4, ఒకే ఒక క్యూఎల్‌సీ ఎన్‌వీఎంఈ డిస్క్. దాని మీద లినక్స్, పైన వర్చువల్ మెషిన్‌లని, అంటే వీఎంలని, నడిపే కేవీఎం. అతని పని సీ ప్లస్ ప్లస్‌లో ఒక పెద్ద ప్రాజెక్ట్. దాన్ని పరీక్షించడానికి మూడు వీఎంల కుబెర్నెటీస్ క్లస్టర్, పక్కన ఒక విండోస్ వీఎం. ఈ నాలుగూ రోజంతా నడుస్తూనే ఉంటాయి. ఫిర్యాదులు రెండు. ఒకటి బిల్డ్ స్లో. రెండోది, క్లస్టర్ ఉన్నట్టుండి కాసేపు జవాబివ్వకుండా పోయి, మళ్ళీ దానంతటదే కోలుకుంటుంది.

బిల్డ్ ఎందుకు స్లో

మొదట చేసిన పరీక్ష చాలా చిన్నది. వీఎంలన్నీ నడుస్తుండగా ఒకసారి, అన్నీ ఆపేసి ఒకసారి పూర్తి బిల్డ్ చేయించాను. నడుస్తుంటే 14 నిమిషాలు, ఆపితే 9 నిమిషాలు. ఆ వీఎంలు బిల్డ్ సమయంలో దాదాపు ఖాళీగానే ఉన్నాయి. నాలుగూ కలిపి ఒక కోర్‌లో సగం కూడా వాడటం లేదు. మరి ఆ 5 నిమిషాలు ఎవరు తిన్నట్టు?

బిల్డ్ మధ్యలో ఇది చూశాను:

```
$ cat /proc/pressure/memory
some avg10=41.27 avg60=36.80 avg300=29.14 total=2184093311
full avg10=27.93 avg60=24.05 avg300=18.66 total=1390227548
```

ఇందులో రెండో వరుస ముఖ్యం. `full` దగ్గర 27.93 ఉందంటే, గడిచిన 10 సెకన్లలో దాదాపు 28 శాతం సమయం పని చేయాల్సిన ప్రాసెస్‌లన్నీ మెమరీ కోసం ఎదురుచూస్తూ ఒకేసారి నిలబడిపోయాయని అర్థం. కోర్లు ఉన్నాయి, వాటికి చెయ్యడానికి పని లేదు. `vmstat 1` లో `si`, `so` కాలమ్‌లు కూడా అదే చెప్పాయి. ర్యామ్‌లో పట్టని మెమరీ డిస్క్ మీది స్వాప్‌లోకి పోవడం, రావడం ఆగకుండా జరుగుతోంది. ఈ రెండు కాలమ్‌లలో అప్పుడప్పుడు ఒక అంకె కనబడితే కంగారు లేదు. నిమిషాల తరబడి రెండూ కలిసి కదులుతుంటే మాత్రం ర్యామ్ చాలట్లేదనే.

వీఎంలు ఉన్న మెషిన్‌లో స్వాప్ మామూలు మెషిన్ కంటే ఎక్కువ దెబ్బ కొడుతుంది. వీఎం లోపలి లినక్స్ తను చదివిన ఫైళ్ళన్నిటినీ కాష్‌గా ఉంచుకుంటుంది. లోపల దానికి అది ఎప్పుడైనా పారేయగల మెమరీ. బయటి హోస్ట్‌కి ఆ సంగతి తెలియదు. దాని కంటికి వీఎం ముట్టుకున్న ప్రతి పేజీ ఆ వీఎంని నడిపే క్యూఈఎంయూ ప్రాసెస్ సొంత మెమరీయే. మెమరీ తక్కువపడితే, హాయిగా పారేయదగ్గ ఆ కాష్‌ని కూడా జాగ్రత్తగా డిస్క్‌కి రాసిపెడుతుంది. తర్వాత వీఎం దాన్ని మళ్ళీ చదువుదామన్నా, పారేసి ఆ చోటుని వేరే పనికి వాడుకుందామన్నా, హోస్ట్ దాన్ని మళ్ళీ డిస్క్ నుంచి లాక్కొస్తుంది. ర్యామ్ నుంచి ఒక చదువుకి 100 నానోసెకన్ల లెక్క అయితే డిస్క్ నుంచి 100 మైక్రోసెకన్ల లెక్క. అంటే వెయ్యి రెట్లు.

కోర్ల విషయంలో ఇలాంటి లోయ ఉండదు. 16 థ్రెడ్‌ల మీద 20 వర్చువల్ సీపీయూలు పంచినా, అందరూ ఒకేసారి పని చేయనంతవరకు ఎవరికీ తెలియదు. అందరూ ఒకేసారి లేస్తే అందరూ కాస్త కాస్త నెమ్మదిస్తారు. సీపీయూని మించి పంచవచ్చు, మెమరీని అలా పంచలేం. వీఎం నుంచి మెమరీని వెనక్కి తీసుకునే బెలూన్ డ్రైవర్, ఒకేలా ఉన్న పేజీలని కలిపేసే కేఎస్‌ఎం లాంటివి ఉన్నాయి కానీ, రోజంతా వాడే మెషిన్‌లో వాటిని నమ్ముకుని ర్యామ్ తగ్గించడం నాకు ఇష్టం ఉండదు.

లెక్క

క్లస్టర్‌లో ఒక్కో వీఎంకి 6 జీబీ, మూడింటికి 18. విండోస్‌కి 8. ఎడిటర్, దాని వెనక నడిచే `clangd` కలిపి 5. బ్రౌజర్, మిగతా డెస్క్‌టాప్ 6. మొత్తం 37 జీబీ. బిల్డ్ మొదలుపెట్టకముందే 32 దాటిపోయింది.

ఇక బిల్డ్. ఒక్కో కంపైలర్ ప్రాసెస్ ఎంత తింటుందో `/usr/bin/time -v` తో చూశాం. అందులో `Maximum resident set size` అనే వరుస. మామూలు ఫైళ్ళకి 700 ఎంబీ అటూఇటూ, టెంప్లేట్లు దట్టించిన కొన్నిటికి 1.9 జీబీ దాకా. సగటున 700 అనుకున్నా 16 థ్రెడ్‌లకి 11 జీబీ. మొత్తం 48.

ఇక్కడ అతనికి నేను చూపించిన విషయం అతన్ని నిజంగా ఆలోచనలో పడేసింది. 16 కోర్ల ప్రాసెసర్ అంటే 32 థ్రెడ్‌లు. బిల్డ్ ఒకేసారి 32 కంపైలర్లను లేపుతుంది. అంటే బిల్డ్‌కే 22 జీబీ. 37 కి 22 కలిపితే 59. అతని జాబితాలో ఉన్నది 32 జీబీ. ఆ జాబితా ప్రకారం కొంటే కొత్త మెషిన్ స్వాప్‌లో ఇంకా లోతుగా మునిగేది. కోర్లు పెంచిన ప్రతిసారీ మెమరీ అవసరమూ పెరుగుతుంది. ఈ రెండూ విడివిడిగా ఎంచేవి కావు.

తర్వాత కోర్ల లెక్కకి వచ్చాం. వీఎంలు ఆపినప్పటి 9 నిమిషాల బిల్డ్‌లో, అన్ని కోర్లూ నిండుగా పనిచేసింది 7 నిమిషాల 20 సెకన్లు. మిగిలిన 1 నిమిషం 40 సెకన్లు కోడ్ జనరేషన్, లింకింగ్. ఆ సమయంలో ఒకే ఒక కోర్ మండుతూ ఉంటుంది, మిగతావి చూస్తూ ఉంటాయి. ఆ భాగానికి ఎన్ని కోర్లు కొన్నా ఉపయోగం లేదు. అందులో లింకింగ్ 75 సెకన్లు. పైసా ఖర్చు లేకుండా లింకర్ మార్చి చూడమన్నాను. `-fuse-ld=lld` పెట్టగానే అది 15 సెకన్లకి దిగింది, ఎందుకంటే `lld` ఆ పనిని అన్ని థ్రెడ్‌లకి పంచుతుంది. ఒంటరి భాగం 40 సెకన్లే మిగిలింది.

ఇప్పుడు పాత కోర్ల వేగంతోనే అంచనా వేద్దాం. 7:20 ని 12 కోర్లకి పంచితే 4:53, దానికి 40 సెకన్లు కలిపితే 5:33. అదే 16 కోర్లకి పంచితే 3:40, మొత్తం 4:20. తేడా 73 సెకన్లు. అది కూడా లెక్క పక్కాగా కుదిరితేనే. అతను పూర్తి బిల్డ్ రోజుకి రెండు మూడుసార్లకి మించి చేయడు. మిగతా రోజంతా ఐదారు ఫైళ్ళు మార్చి మళ్ళీ లింక్ చేయడమే. అలాంటి చిన్న బిల్డ్‌లలో పదో కోర్‌కే పని ఉండదు, ఒక్కో కోర్ ఎంత వేగంగా ఉందన్నదే తేలుతుంది. అక్కడ 12 కోర్లదీ 16 కోర్లదీ ఒకే తరం అయితే పెద్ద తేడా కనబడదు.

అందుకే 12 కోర్ల రైజెన్ 9 7900 దగ్గర ఆగాం. 65 వాట్ల టీడీపీ కాబట్టి కూలర్, పవర్ సప్లై మీద కూడా కొంత మిగిలింది. మిగిలినదంతా మెమరీకి, డిస్క్‌లకి పోయింది.

రెండు స్లాట్‌లే వాడాలి

24 థ్రెడ్‌లకి బిల్డ్ 17 జీబీ, ముందున్న 37, కలిపి 54. దానిపైన సోర్స్, ఆబ్జెక్ట్ ఫైళ్ళు మెమరీలోనే కాష్‌గా ఉండాలంటే ఇంకో 11. మొత్తం 65. అంటే 64 జీబీ సరిగ్గా అంచు మీద నిలబెడుతుంది.

"ఇప్పుడు రెండు 32లు వేసి, తర్వాత ఇంకో రెండు వేసుకుంటా అన్నా" అన్నాడు. డీడీఆర్4 కాలంలో నేనూ అదే చెప్పేవాణ్ణి. డీడీఆర్5లో చెప్పను. ఈ ప్రాసెసర్‌కి ఏఎండీ ఇచ్చిన అధికారిక వేగం రెండు మాడ్యూళ్ళకి 5200, నాలుగు మాడ్యూళ్ళకి 3600. రెండు ఛానెళ్ళ మీద సైద్ధాంతిక బ్యాండ్‌విడ్త్ సెకనుకు 83.2 జీబీ నుంచి 57.6 జీబీకి పడిపోతుంది. అదృష్టం బాగుంటే నాలుగూ అంతకన్నా వేగంగా నడవొచ్చు, కానీ రోజంతా పనిచేసే మెషిన్‌ని అదృష్టం మీద ఆధారపడి కట్టలేం. పైగా వేరువేరు సమయాల్లో కొన్న మాడ్యూళ్ళు ఒకదానితో ఒకటి కుదురుతాయన్న హామీ లేదు. అందుకని మొదటే రెండు 48 జీబీ మాడ్యూళ్ళు, మొత్తం 96.

క్లస్టర్ ఎందుకు మాయమవుతోంది

రెండో ఫిర్యాదు మూలం డిస్క్‌లో ఉంది. దాన్ని పట్టుకోవడానికి బిల్డ్ కంటే ఎక్కువ సమయం పట్టింది. క్లస్టర్ పోయిన సమయాలు రాసిపెట్టమన్నాను. నాలుగుసార్లలో మూడుసార్లు అతను విండోస్ వీఎం ఇమేజ్‌ని కాపీ చేస్తున్న సమయమే. `etcd` లాగ్ తెరిస్తే ఆ నిమిషాల్లోనే `slow fdatasync` హెచ్చరికలు.

`etcd` క్లస్టర్ స్థితిని దాచే డేటాబేస్. ప్రతి మార్పునూ డిస్క్‌కి రాసి, అది నిజంగా డిస్క్ మీదకి చేరిందన్న జవాబు వచ్చాకే ముందుకి కదులుతుంది. ఆ జవాబు కోసం చేసే పిలుపే ఎఫ్‌సింక్, `fdatasync` కూడా అలాంటిదే. సభ్యుల మధ్య హార్ట్‌బీట్ 100 మిల్లీసెకన్లకి ఒకసారి, ఎలక్షన్ టైమౌట్ 1000 మిల్లీసెకన్లు. ఇవి డిఫాల్ట్ విలువలు. డిస్క్ జవాబివ్వడానికి సెకను దాటిందంటే నాయకుడు పోయాడనుకుని మిగతా ఇద్దరూ కొత్త ఎన్నిక పెడతారు. మూడు వీఎంలూ ఒకే డిస్క్ మీద ఉన్నాయి కాబట్టి ముగ్గురూ ఒకేసారి ఊపిరాడక నిలబడతారు. అతని కంటికి కనబడిన మాయమవడం ఇదే.

దీన్ని కొలవడానికి ఈ పరీక్ష చాలు:

```
fio --name=sync --filename=/vm/test.bin --size=512m \
    --rw=write --bs=4k --ioengine=sync --fdatasync=1 \
    --runtime=60 --time_based
```

ఫలితంలో పైన కనబడే ఎంబీల సంఖ్యని వదిలేసి, కింద `fsync/fdatasync` భాగంలో `99.00th` దగ్గర ఉన్న విలువ చూడాలి. `etcd` వాళ్ళు అది 10 మిల్లీసెకన్ల లోపు ఉండాలంటారు. పాత డిస్క్ ఖాళీగా ఉన్నప్పుడు 3 మిల్లీసెకన్ల లోపే, బాగానే ఉంది. పక్కన 60 జీబీ ఇమేజ్ కాపీ నడుస్తుండగా అదే పరీక్ష చేస్తే 140 మిల్లీసెకన్లు, అప్పుడప్పుడు సెకను పైన.

ఒక్కో సెల్‌లో నాలుగు బిట్లు ఇరికించే క్యూఎల్‌సీ డిస్క్ లోపల కొంత భాగాన్ని వేగంగా రాసే కాష్‌గా వాడుకుంటుంది. చిన్న కాపీలన్నీ అందులో ఇమిడిపోతాయి కాబట్టి డిస్క్ మెరుపులా అనిపిస్తుంది. పెద్ద కాపీలో ఆ కాష్ నిండిపోతుంది. అక్కణ్ణుంచి అసలు క్యూఎల్‌సీ సెల్స్ మీద నేరుగా రాయాలి, వేగం ఒక్కసారిగా కూలుతుంది. ఆ సమయంలో వచ్చిన చిన్న ఎఫ్‌సింక్ కూడా అదే క్యూలో వెనక నిలబడాలి.

మరి 14 జీబీల జెన్5 డిస్క్ దీన్ని బాగుచేస్తుందా? ఆ సంఖ్య పెద్ద ఫైల్‌ని వరుసగా, ఒకేసారి చాలా రిక్వెస్ట్‌లు పంపి చదివినప్పటిది. కంపైలర్ చేసేది చిన్న ముక్కని అడిగి, అది వచ్చాక ఇంకోటి అడగడం. ఒక 4 కేబీ చదువుకి 60 మైక్రోసెకన్లు పడితే సెకనుకి 16,600 చదువులు, అంటే 68 ఎంబీ. ఆ 60 మైక్రోసెకన్లలో ఎక్కువ భాగం ఫ్లాష్ చిప్‌దే, పీసీఐఈ లింక్‌ది కాదు. లింక్‌ని రెట్టింపు చేసినా అది పెద్దగా తగ్గదు. పైగా 96 జీబీ ఉన్న మెషిన్‌లో రెండోసారి బిల్డ్‌కి ఆ ఫైళ్ళు ర్యామ్‌లోనే దొరుకుతాయి.

అందుకని ఒక పెద్ద డిస్క్ బదులు రెండు తీసుకున్నాం. సిస్టమ్, సోర్స్, విండోస్ ఇమేజ్‌ల కోసం సొంత డీర్యామ్ ఉన్న, సెల్‌కి మూడు బిట్లే దాచే 2 టీబీ టీఎల్‌సీ జెన్4 డిస్క్. క్లస్టర్ వీఎంల కోసం మాత్రం సర్వర్లలో వాడే తరహా, పవర్ లాస్ ప్రొటెక్షన్ ఉన్న 960 జీబీ డిస్క్. దాని మీద చిన్న కెపాసిటర్లు ఉంటాయి. కరెంట్ పోయినా తన ర్యామ్‌లో ఉన్నదాన్ని ఫ్లాష్‌కి రాసేంత శక్తి వాటిలో ఉంటుంది. అందుకే అది ఎఫ్‌సింక్‌కి అప్పటికప్పుడే "రాశాను" అని నిజాయితీగా చెప్పగలదు. మామూలు డిస్క్ అయితే ఫ్లాష్ మీదకి చేరేదాకా ఆగాలి.

ఖర్చు లేని దారి కూడా ఒకటి ఉంది. వీఎం డిస్క్‌కి `cache=unsafe` పెడితే హోస్ట్ ఎఫ్‌సింక్‌లని పట్టించుకోదు, సమస్య ఆ క్షణమే పోతుంది. క్లస్టర్ పారేసి మళ్ళీ కట్టుకునేదైతే నేను అదే చేయమనేవాణ్ణి. ఇతని వీఎంలలో వారాల తరబడి పేర్చుకున్న టెస్ట్ డేటా ఉంది. హోస్ట్ ఒక్కసారి హఠాత్తుగా ఆగితే అదంతా చెడిపోవచ్చు.

ఇక్కడ ఒక కొలత జాగ్రత్తగా చూసుకోవాలి. ఇలాంటి ఎం.2 డిస్క్‌లలో చాలావరకు 110 మిల్లీమీటర్ల పొడవు, అంటే 22110. డెస్క్‌టాప్ బోర్డుల మీద ఎక్కువ స్లాట్‌లు 80 మిల్లీమీటర్లకే బిగించగలవు. మేం ఎంచిన బోర్డులో పొడుగు స్లాట్ ఒక్కటే ఉంది, అదీ చిప్‌సెట్ మీదుగా వెళ్ళేది. ఈ పనికి అది సరిపోతుంది. హీట్‌సింక్ మాత్రం తప్పదు.

బిగించాక

మొదటిసారి ఆన్ చేస్తే చాలా సేపు నల్ల స్క్రీన్. అతను స్విచ్ మీద చెయ్యి వేయబోయాడు, ఆపాను. డీడీఆర్5 మొదటి బూట్‌లో మెమరీ ట్రైనింగ్‌కి నిమిషాలు పడుతుంది, 96 జీబీ అయితే ఇంకాస్త. మధ్యలో ఆపేస్తే మళ్ళీ మొదటికే. బయోస్‌లో `SVM Mode` ఆన్ చేసి, `/dev/kvm` కనబడుతోందని చూసుకుని ముందుకెళ్ళాం.

తప్పు నేను చేసింది ఒకటుంది. మాడ్యూళ్ళకి 6000 ఎక్స్‌పో ప్రొఫైల్ ఉంది కదా అని ఆన్ చేశాను. మెమ్‌టెస్ట్ ఒక రౌండ్ శుభ్రంగా పాసైంది. రెండో రోజు బిల్డ్ మధ్యలో `internal compiler error: Segmentation fault`. మళ్ళీ నడిపితే ఆ ఫైల్ బాగానే కంపైల్ అయింది, ఇంకో చోట అదే ఎర్రర్. జీసీసీ తానే చెప్పింది: `The bug is not reproducible, so it is likely a hardware or OS problem.` ప్రతిసారీ అదే ఫైల్, అదే లైన్ దగ్గర పడితే కంపైలర్ బగ్ అనుకోవచ్చు. చోటు మారుతూ ఉంటే మొదట అనుమానించాల్సింది మెమరీనే. ఎక్స్‌పో అంటే ఓవర్‌క్లాకే, ప్రాసెసర్ అధికారిక పరిధి దాటినట్టే. 5200కి దించాక రాత్రంతా బిల్డ్‌ని లూప్‌లో నడిపాం, ఒక్క ఎర్రర్ లేదు. బిల్డ్ సమయంలో తేడా కొన్ని సెకన్లే. అప్పటినుంచి నేను మెమ్‌టెస్ట్ ఒక్కదాన్నే నమ్మడం మానేసి, రాత్రంతా బిల్డ్ నడిపాకే మెషిన్ అప్పగిస్తున్నాను.

వీఎంలు నడుస్తుండగా పూర్తి బిల్డ్ ఇప్పుడు 4 నిమిషాల 20 సెకన్లు, ఆపితే 4:05. 14 నుంచి 4 కి దిగడంలో కొత్త తరం కోర్ల వాటా, లింకర్ వాటా ఉన్నాయి కాబట్టి దాన్ని నేను మెమరీ ఖాతాలో వేయను. నేను చూసుకున్నది ఆ రెండు సంఖ్యల మధ్య దూరం. అది 5 నిమిషాల నుంచి 15 సెకన్లకి వచ్చింది. `/proc/pressure/memory` లో `full` వరుస సున్నాల మీదే ఉంటోంది. ఇమేజ్ కాపీ నడుస్తున్నా క్లస్టర్ డిస్క్ మీద ఎఫ్‌సింక్ 99వ శాతం విలువ మిల్లీసెకనులో పదోవంతు కూడా దాటలేదు. `slow fdatasync` హెచ్చరిక మళ్ళీ కనబడలేదు.

ఇదే బడ్జెట్‌తో వేరేవాళ్ళకి నేను 16 కోర్లే ఎంచిన సందర్భాలున్నాయి. వీఎంల లోపలే బిల్డ్‌లు, టెస్ట్‌లు సమాంతరంగా నడిచేచోట కోర్లు నిజంగా అయిపోతాయి. అప్పుడు హోస్ట్ `vmstat` లో నడుస్తున్న, కోర్ కోసం వరుసలో ఉన్న ప్రాసెస్‌లని చూపే `r` కాలమ్ థ్రెడ్‌ల సంఖ్యని దాటి అక్కడే నిలబడుతుంది, వీఎం లోపల హోస్ట్ నుంచి కోర్ దొరక్క ఆగిన సమయాన్ని చూపే `st` కాలమ్ పైకి లేస్తుంది, స్వాప్ మాత్రం కదలదు. ఇతని మెషిన్‌లో ఆ గుర్తులు ఒక్కటీ కనబడలేదు.

ఆరు నెలల తర్వాత వెళ్ళి `free -h` చూశాను. క్లస్టర్‌కి నాలుగో వీఎం చేర్చాడు, విండోస్‌కి 12 జీబీ ఇచ్చాడు. బిల్డ్ నడుస్తుండగా వాడకం 66 జీబీ. "అన్నా, ఇంకో రెండు వీఎంలు పెట్టుకోవచ్చా?" అని అడిగాడు. 6 జీబీలవి రెండు పెడితే 78, కాష్‌కి 18 మిగులుతుంది. పెట్టుకోమన్నాను.